స్మృతి కార్డు: ఒక ముఖం, ఒక పేరు, రెండు పాదాలు

చనిపోయిన మనిషి ఫొటో, పేరు, జనన మరణాల తేదీలు, ఒక చిన్న పద్యం అచ్చువేసి బంధుమిత్రులకు ఇచ్చే కార్డును స్మృతి కార్డు అంటారు. తెలుగు ఇళ్లలో దీన్ని ఎక్కువగా పెద్దకర్మ నాడో, సంవత్సరీకం నాడో పంచుతారు. క్రైస్తవ కుటుంబాలు జ్ఞాపకార్థ కూడికలో ఇస్తాయి. అందుకున్నవాళ్లు దాన్ని పూజగది అల్మరాలోనో, పుస్తకంలోనో, బైబిల్లోనో దాచుకుంటారు. పదేళ్ల తర్వాత బయటికి తీసి చూసినా ఆ మనిషిని గుర్తుకు తేవడం ఈ కార్డు పని.

ఈ పనికి మొదటి అడ్డంకి ఆహ్వానం. చాలా ఇళ్లలో పెద్దకర్మ పిలుపు, స్మృతి కార్డు రెండూ ఒకే కాగితం మీదికి ఎక్కుతున్నాయి. ముహూర్తం, భోజనాల వేళ, ఫంక్షన్ హాలు చిరునామా, ఫోన్ నంబర్లు, ఆహ్వానించేవాళ్ల పేర్ల వరుస అన్నీ చేరేసరికి ఫొటో పైమూలకు జరిగి తపాలా బిళ్లంత అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అశుభవార్త తెచ్చిన కాగితాన్ని చదివి చింపేయడం, ఇంట్లో ఉంచకపోవడం చాలా తెలుగు కుటుంబాల్లో పాత ఆచారం. పిలుపు, జ్ఞాపకం ఒకే కాగితం మీద ఉంటే పిలుపుతో పాటు జ్ఞాపకమూ చిరిగిపోతుంది. అందుకే ఆహ్వానాన్ని వేరే కాగితం మీద అచ్చువేయాలి, లేదా ఫోన్‌లో పంపాలి. కార్డు మీద ఒక్క రోజుతో కాలం చెల్లిపోయే వివరం ఏదీ ఉండకూడదు.

కొలతలు, వరుస

ఉదాహరణకు పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక ఉపాధ్యాయుడి కార్డు తీసుకోవచ్చు. కార్డు నిలువుగా, 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. మిల్లీమీటర్లలో చెబితే దాదాపు 127, 178. ఇరుపక్కలా 16 మిల్లీమీటర్లు, పైన 18 మిల్లీమీటర్లు ఖాళీ వదిలితే మధ్యలో 95 మిల్లీమీటర్ల వెడల్పున్న చోటు మిగులుతుంది. అచ్చుకు రావలసినదంతా ఈ చోటులోనే రావాలి.

పైనుంచి కిందికి వరుస ఇది. ముందు ఫొటో, 56 మిల్లీమీటర్ల వెడల్పు, 70 మిల్లీమీటర్ల ఎత్తు. దాని కింద 8 మిల్లీమీటర్ల ఖాళీ. తర్వాత చిన్న అక్షరాల్లో ‘కీర్తిశేషులు’, దాని కింద పెద్ద అక్షరాల్లో పేరు, ఆ కింద చిన్న అక్షరాల్లో తేదీలు. ఈ మూడు వరుసలూ ఒక జట్టుగా దగ్గరగా ఉంటాయి. ఆపైన 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి రెండు పాదాల పద్యం. మరో 10 మిల్లీమీటర్ల తర్వాత ‘కుటుంబ సభ్యులు’ అన్న ఒక్క చిన్న వరుస. దాని కింద ఇంకా 17 మిల్లీమీటర్లు మిగులుతాయి.

ఇందులో ఖాళీల కొలతలు ఒకేలా లేవు. ఫొటోకు, పేరుకు మధ్య ఖాళీ తక్కువ, ఎందుకంటే ఆ రెండూ ఒకరివే. పేరుకు, పద్యానికి మధ్య ఖాళీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ విషయం మారుతుంది. అన్నిచోట్లా ఒకే ఖాళీ వదిలితే చూసేవారికి ఏది దేనికి చెందిందో తెలియదు. అప్పుడు వాటిని విడదీయడానికి గీతలు, పువ్వులు, దీపాల బొమ్మలు అవసరమనిపిస్తాయి. ఖాళీలు సరిగ్గా కుదిరిన కార్డుకు ఇవేవీ అక్కర్లేదు.

ఫొటో

కార్డులో చెడిపోయేది ఎక్కువగా ఫొటోయే. ఇంటివాళ్ల దగ్గర మంచి ఫొటో లేక కాదు, అది ప్రెస్సుకు చేరే దారిలో పాడవుతుంది. స్పష్టమైన అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలన్నది ముద్రణలో వాడుకలో ఉన్న లెక్క. 56 మిల్లీమీటర్లు అంటే 2.2 అంగుళాలు కాబట్టి ఫొటో వెడల్పులో దాదాపు 660 పిక్సెళ్లు, ఎత్తులో 830 పిక్సెళ్లు ఉండాలి. ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. మామూలు ఫోన్ కెమెరా ఇంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది.

సాధారణంగా జరిగేది వేరు. మనవడి పెళ్లిలో అందరితో కలిసి తీసిన ఫొటో ఒకరి ఫోన్‌లో ఉంటుంది. మెసేజ్ యాప్‌లో పంపినప్పుడు యాప్ దాన్ని కుదిస్తుంది. కుదించాక ఆ ఫొటో వెడల్పు 1600 పిక్సెళ్లకు దిగిందనుకుంటే, అందులో మాస్టారు ఆక్రమించే చోటు ఆరో వంతైతే ఆయన వాటాకు వచ్చేవి దాదాపు 270 పిక్సెళ్లే. వాటిని 2.2 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 120 చుక్కలే వస్తాయి. స్క్రీన్ మీద బాగానే కనిపించిన ముఖం కాగితం మీద మసకబారుతుంది. ఇలాంటప్పుడు చేయవలసినవి రెండు. మొదటిది, ఫొటో తీసిన ఫోన్ నుంచే అసలు ఫైలును డాక్యుమెంట్ రూపంలో పంపించమని అడగడం. అది దొరకకపోతే ఫొటోను చిన్నది చేయడం. అవే 270 పిక్సెళ్లు 28 మిల్లీమీటర్ల వెడల్పులో స్పష్టంగానే అచ్చవుతాయి. మసకగా ఉన్న పెద్ద ముఖం కన్నా స్పష్టంగా ఉన్న చిన్న ముఖం ఎప్పుడూ మేలు.

ఒక్కోసారి మిగిలినది పాత పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కటే. దానికి స్కానరే సరైన దారి. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ ఫొటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 820కి పైగా పిక్సెళ్లు వస్తాయి, ఈ కార్డుకు అవి చాలు. గోడకు తగిలించిన పటాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపడం మాత్రం తగదు. అద్దం మీద ట్యూబులైటు మెరుపు పడుతుంది, దండ నీడ పడుతుంది, అద్దానికి పెట్టిన కుంకుమ బొట్టు ముఖానికి అడ్డొస్తుంది. పటం విప్పి ఫొటో బయటికి తీసి స్కాన్ చేయించడానికి పట్టేది కొద్ది సేపే.

కత్తిరించేటప్పుడు తల పైన కొంచెం ఖాళీ, కింద భుజాలు పూర్తిగా వచ్చేలా చూడాలి. కళ్లు ఫొటో పైఅంచు నుంచి మూడో వంతు దగ్గర ఉంటే ముఖం నిలకడగా కనిపిస్తుంది. గడ్డం దగ్గరో, చెవుల దగ్గరో కత్తిరిస్తే అది గుర్తింపు కార్డు ఫొటోలా తయారవుతుంది. తర్వాతి పొరపాటు సాగదీయడం. పెట్టెలో పట్టించడానికి ఫొటోను ఒక పక్కకే లాగితే ముఖం ఆకారం మారుతుంది. దీన్ని పట్టుకోవడానికి సులువైన గుర్తులున్నాయి. కళ్లజోడు అద్దాలు గుండ్రటివైతే అవి గుండ్రంగానే ఉన్నాయా, నుదుటి బొట్టు కోలగా మారిందా అని చూడాలి. చొక్కా గుండీలు కూడా ఇదే సంగతి చెబుతాయి.

వెనకున్న పెళ్లి పందిరిని చెరిపి లేత బూడిదరంగు వేయడంలో తప్పు లేదు. మనిషిని కత్తిరించి మబ్బుల్లోనో, విచ్చిన తామరలోనో నిలబెడితే మాత్రం చూపు ముఖం మీద ఆగదు. ముడతలు నునుపు చేయడం, రంగు తేల్చడం అంతకన్నా పెద్ద తప్పు. చూసినవాళ్లు ‘మాస్టారిలా లేరే’ అన్నారంటే ఆ కార్డు పని చెడినట్టే.

పేరు, తేదీలు

పేరు కార్డులో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంటిపేరుతో సహా మొత్తం ఒకే వరుసలో రావడం మేలు. రాకపోతే అక్షరాల సైజు తగ్గించి ఇరికించకుండా ఇంటిపేరు ఒక వరుసలో, పేరు మరో వరుసలో వేయాలి. పేరు మధ్యలో విరగకూడదు. చదువు, ఉద్యోగం, పదవుల జాబితా కార్డుకు బరువే. ఊరంతా ‘మాస్టారు’ అని పిలిచిన మనిషికి ఆ ఒక్క మాట పేరు పక్కన ఉంటే చాలు.

తేదీల ముందు పెట్టే మాటలు ఇంటి సంప్రదాయాన్ని బట్టి మారతాయి. ‘జననం, మరణం’ అందరికీ సరిపోతాయి. శైవులు ‘శివైక్యం’, వైష్ణవులు ‘పరమపదం’, క్రైస్తవులు ‘ప్రభువునందు నిద్రించిన దినం’ అని రాస్తారు. ఏ మాట వాడాలో ప్రెస్సులో ఉన్న పాత కార్డును చూసి కాకుండా ఇంటి పెద్దలను అడిగి రాయాలి. ఆబ్దికం తిథి ప్రకారం పెట్టే ఇళ్లలో మరణించిన నెల, పక్షం, తిథి కూడా ఒక వరుసలో వేస్తే ఏటా పంచాంగం చూసుకునేటప్పుడు పనికొస్తుంది.

పద్యం

కార్డులో పద్యానికి ఉన్న చోటు దాదాపు 15 మిల్లీమీటర్ల ఎత్తే. అందులో రెండు పాదాల ద్విపద హాయిగా పడుతుంది. నాలుగు పాదాల ఆటవెలదికో, తేటగీతికో ఫొటోను కొంచెం తగ్గించాలి. సీసం ఇందులో ఇమడదు. దాని ఒక్కో పాదం రెండు వరుసలవుతుంది, కింద గీతం తప్పదు, అన్నీ కలిపి పన్నెండు వరుసలు. సీసమే కావాలనుకుంటే మడత కార్డు చేయించి లోపలి పేజీలో వేయడం సబబు.

మాస్టారి కార్డుకు ఇలాంటి ద్విపద సరిపోతుంది:

పలకపై నక్షరాల్ పరచిన చేయి
తలపులో దీపమై దారి చూపించు

ఇందులో పొగడ్త మాటలు లేవు. ఆయన చేసిన పని ఒకటి, అది మిగిల్చినది ఒకటి ఉన్నాయి. ‘మహోన్నతులు’, ‘ఆదర్శమూర్తి’ లాంటి మాటలు ఎవరి కార్డులోనైనా ఇమిడిపోతాయి, అందుకే ఎవరినీ గుర్తుకు తేవు. పలక అన్న మాట మాత్రం బడి మాస్టారి కార్డులోనే ఇమిడే మాట.

పద్యాన్ని పేర్చడంలో మొదటి నియమం పాదాన్ని విరవకపోవడం. ద్విపదలో ప్రాస పాదంలోని రెండో అక్షరం మీద ఉంటుంది. ఇక్కడ ‘పలక’లోని లకారం, ‘తలపు’లోని లకారం ఒకదాని కింద ఒకటి పడాలి. చోటు చాలక ‘చేయి’ అన్న మాట కింది వరుసకు జారితే రెండు పాదాలు మూడు వరుసలై ఆ అమరిక చెడుతుంది, చదివే గొంతు తడబడుతుంది. అలా జారితే అక్షరాల సైజు అర పాయింటో, పాయింటో తగ్గించాలి తప్ప పాదాన్ని తుంచకూడదు.

రెండో నియమం అంచులకు సంబంధించినది. ప్రతి పాదాన్నీ విడివిడిగా మధ్యకు జరిపితే పొడవులో ఉన్న కొద్ది తేడా వల్ల పాదాల మొదళ్లు ఒకదాని కింద ఒకటి రావు. రెండు పాదాలనూ ఎడమ అంచుకు కలిపి, ఆ రెంటినీ ఒక దిమ్మగా కార్డు మధ్యకు తేవాలి. పద్యం చుట్టూ కొటేషన్ గుర్తులు అక్కర్లేదు. పాత కవిదో, పవిత్ర గ్రంథంలోదో అయితే ఎక్కడిదో కింద చిన్న అక్షరాల్లో చెప్పాలి.

అక్షరాలు

ఇంగ్లిష్ కార్డుల్లో పేరును పెద్ద బడి అక్షరాల్లో, పద్యాన్ని వాలు అక్షరాల్లో వేస్తారు. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. వాలు అక్షరాలు కూడా లిపికి సహజం కావు, కంప్యూటర్ నిటారు అక్షరాన్నే పక్కకు నెట్టి చూపిస్తుంది. కాబట్టి తెలుగు కార్డులో ఏది ముఖ్యమో చెప్పడానికి ఉన్న సాధనాలు మూడే: సైజు, అక్షరం మందం, చుట్టూ ఉన్న ఖాళీ. ఒకే ఫాంటును మూడు నాలుగు సైజుల్లో వాడితే ఈ కార్డు మొత్తానికి సరిపోతుంది. మాస్టారి కార్డులో పేరు 20 పాయింట్లు, పద్యం 13, ‘కీర్తిశేషులు’, తేదీలు 11, చివరి వరుస 10.

వరుసల మధ్య దూరం తెలుగులో ప్రత్యేకంగా చూసుకోవాలి. తెలుగు అక్షరం పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులుంటాయి. ‘స్మృతి’ అన్న మాటలోనే సకారం కింద మకారవత్తు, దానికి తోడు సుడి, పక్క అక్షరం మీద గుడి ఉన్నాయి. ఇంగ్లిష్‌కు అక్షరాల సైజు మీద 1.2 రెట్లు దూరం సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చేది చాలాసార్లు అంతే. తెలుగుకు 1.5 నుంచి 1.6 రెట్లు కావాలి. పద్యం 13 పాయింట్లలో ఉంటే వరుసల మధ్య దూరం 21 పాయింట్లు. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతోందంటే దూరం చాల్లేదని అర్థం. ‘క్ష’, ‘స్త్రీ’, ‘జ్ఞ’ లాంటి అక్షరాలున్న చోట చూస్తే వెంటనే తెలుస్తుంది.

మందమైన అక్షరాలు పేరుకు మాత్రమే. చిన్న సైజులో మందం పెంచితే అక్షరం లోపలి ఖాళీలు సిరాతో పూడిపోతాయి. ‘థ’లోని చుక్క కనపడకుండా పోతుంది, ‘ప’కు ‘ష’కు తేడా తగ్గుతుంది. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు వేసినప్పుడూ ఇలాంటి నష్టమే: చుట్టూ ఉన్న సిరా పాకి సన్నని గీతలు ఇంకా సన్నబడతాయి. నీడలు, అంచు గీతలు, బంగారు మెరుపు ఇచ్చే ఎఫెక్టులు అక్షరం ఆకారాన్నే మరుగుపరుస్తాయి. అక్షరాల మధ్య దూరం పెంచడం కూడా తెలుగుకు నప్పదు. మాట విడివిడి ముక్కలై, కళ్లు దాన్ని కూడబలుక్కోవలసి వస్తుంది.

తేదీల్లోని అంకెలను విడిగా చూడాలి. చాలా తెలుగు ఫాంట్లలో అంకెలు పక్కనున్న అక్షరాల కన్నా ఎత్తుగా ఉంటాయి. వాటిని ఒక పాయింటు తగ్గిస్తే వరుస సమంగా కనిపిస్తుంది.

రంగు, కాగితం

ఎరుపు, పసుపు, బంగారు రంగులు తెలుగు కళ్లకు శుభలేఖ రంగులు. దూరం నుంచి చూసినా ఇది పెళ్లి కార్డు కాదని తెలియాలి. తెలుపు లేదా లేత మీగడరంగు కాగితం మీద నల్లసిరా చాలు. అక్షరాలు నలుపు ఒక్క సిరాతోనే అచ్చవ్వాలి. నాలుగు రంగులు కలిపి నలుపు తెప్పిస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల అంచుల్లో రంగు నీడలు తేలుతాయి.

కాగితం 250 నుంచి 300 జీఎస్ఎం మందం ఉంటే చేతిలో నిలుస్తుంది. మెరుపు లామినేషన్ వద్దు. లైటు కింద ముఖం మీదే మెరుపు పడుతుంది, వెనక పెన్నుతో రాసుకోవడానికీ వీలుండదు. మెరుపులేని కాగితం సిరాను ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ఫొటో స్క్రీన్ మీదకన్నా ముదురుగా అచ్చవుతుంది. అందుకే అచ్చుకు ముందే ముఖంలోని మధ్యఛాయలను కొంచెం తేలిక చేయాలి. ముఖ్యంగా నల్లని దేహఛాయ ఉన్నవారి ఫొటోలో కళ్లు, కనుబొమలు చీకట్లో కలిసిపోకుండా ఇది కాపాడుతుంది.

ప్రూఫు

కార్డు సాధారణంగా రెండు మూడు రోజుల్లో, దుఃఖంలో ఉన్నవాళ్ల చేతుల మీదుగా తయారవుతుంది. తప్పులు దొర్లేది అప్పుడే. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వాడే పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు వత్తులు ఊడిపోవడం, ‘శ్రీ’ ముక్కలు కావడం మామూలు. ఇన్‌డిజైన్‌లో తెలుగు వత్తులు విడిపోయి కనిపిస్తే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోవాలి. పై పద్యంలో మరో చిక్కు ఉంది. ‘నక్షరాల్’ తర్వాత ఖాళీ ఎగిరిపోతే పొల్లు లకారం పక్కనున్న పకారంతో కలిసి ‘ల్ప’ అవుతుంది, పాదం చదవడానికి వీల్లేకుండా పోతుంది.

కాబట్టి ప్రూఫు ఫోన్‌లో చూసి సరే అనకూడదు. ప్రెస్సుకు వెళ్లే చివరి పీడీఎఫ్‌నే అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీయించాలి. ఒకరు అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంటిపేరు, తేదీలు రూఢిగా తెలిసిన మరొకరు వింటూ సరిచూడాలి. తర్వాత చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడాలి. ముందు ముఖం, తర్వాత పేరు, ఆ తర్వాత పద్యం కంటపడితే అమరిక కుదిరినట్టే. ముందుగా అలంకారమో, రంగుపట్టీయో కనిపిస్తే దాన్ని తీసేసి మళ్లీ చూడాలి.

ఇంత పని సవ్యంగా సాగడానికి ముందే చేసుకోగలిగినది ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, పగటి వెలుతురులో, ఒక్కొక్కరిదీ విడిగా మంచి ఫొటో తీసి, కుదించని అసలు ఫైలును పదిలపరచుకోవాలి.